పూర్వ విమర్శ సమీక్ష: ఖాళీని చెప్పకముందే కనిపించేలా చేసే అధ్యాయం

తెలుగు సాహిత్యం మీద వచ్చే పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథాల్లో పూర్వ విమర్శను సమీక్షించే అధ్యాయం చాలావరకు ఒకే మూసలో ఉంటుంది. ఒక్కో విమర్శకుడికి ఒక్కో పేరా. పేరా మొదట్లో ఆయన పేరు, హోదా, పుస్తకం పేరు. మధ్యలో నాలుగు వాక్యాల సారాంశం. చివర "విలువైన కృషి చేశారు" అనే మెచ్చుకోలు. ఇట్లా ముప్పై నలభై పేరాలు నడిచిన తర్వాత ఆఖరి పేజీలో ఒక వాక్యం వస్తుంది: "అయితే ఈ కోణంలో ఇంతవరకు సమగ్రమైన పరిశోధన జరగలేదు." ముందున్న పాతిక పేజీలకూ ఈ వాక్యానికీ ఏ లంకె ఉండదు. అనుమానం ఉంటే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. పేరాల వరుసను తారుమారు చేసి చదవాలి. అధ్యాయం ఏమాత్రం దెబ్బతినకుండా అట్లాగే నిలబడితే అందులో వాదం లేదన్నట్టే. అది జాబితా మాత్రమే.

పరిశోధకుడి వాదానికి చోటు ఎక్కడుందో చూపించడం ఈ అధ్యాయం పని. ఇంతవరకు వచ్చిన విమర్శ ఏయే ప్రశ్నలు వేసింది, ఆ ప్రశ్నలు దాన్ని ఎక్కడికి తీసుకెళ్లాయి, ఎక్కడ ఆపేశాయి అన్నది వరుసగా చూపిస్తే, ఖాళీ ఫలానా చోట ఉందని పరిశోధకుడు చెప్పేలోపే చదివేవారికి తెలిసిపోతుంది. ఈ అమరికను ఒక నవలను తీసుకొని చూద్దాం. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' 1955లో వచ్చింది. నిజాం పాలనలో దిమ్మెగూడెం అనే ఊరు, అక్కడి దొర రామభూపాలరావు, ఆయనకు ఎదురు నిలిచే కంఠీరవం, ఊరి వెట్టి, మతమార్పిడులు, గ్రంథాలయోద్యమం, ఆంధ్రమహాసభ అందులోని సామగ్రి. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు తెలుగు ఎం.ఏ. చదివినవారికి పరిచయమైన నవలే. దీని మీద విమర్శ తక్కువేమీ రాలేదు కాబట్టి నమూనాకు బాగా పనికొస్తుంది. విమర్శే లేని పుస్తకం మీద ఖాళీ చూపడం తేలిక, కానీ అందువల్ల ఒరిగేదేమీ లేదు.

సేకరణ దగ్గరే మొదలయ్యే చిక్కులు

ఆంగ్ల సాహిత్య విమర్శలా తెలుగు విమర్శ ఒక్కచోట దొరకదు. అందులో పెద్ద భాగం ముందుమాటల్లో, స్మారక సంచికల్లో, సదస్సు పత్రాల సంకలనాల్లో, ఆదివారం అనుబంధాల్లో, మాసపత్రికల పాత సంచికల్లో చెల్లాచెదురుగా ఉంటుంది. సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండారం శోధ్‌గంగలో వెతికి ఊరుకుంటే సగం పని కూడా కాదు. అక్కడ తెలుగు సిద్ధాంత గ్రంథాల శీర్షికలు చాలాసార్లు రోమన్ లిపిలో, ఎవరికి తోచిన వర్ణక్రమంలో వారు ఎక్కించినట్టు ఉంటాయి. లోపలి పేజీలు స్కాన్ చేసిన బొమ్మలైతే తెలుగులో వెతికినా దొరకవు. అందుకే ఒకే పేరును అన్ని రూపాల్లో వెతకాలి: ఆళ్వారుస్వామి, ఆళ్వారు స్వామి, ఆళ్వార్‌స్వామి, వట్టికోట, రోమన్‌లో `Alwar Swamy`, `Alwaruswamy`, `Vattikota`, `Prajala Manishi`, `Prajalamanishi`. పుస్తకం పేరుతోనే ఆగకుండా "తెలంగాణ నవల", "రైతాంగ పోరాటం నవల" లాంటి విస్తృత శీర్షికలున్న గ్రంథాలు కూడా తెరిచి విషయసూచిక చూడాలి. ఒక్క నవల మీద వచ్చిన అత్యంత ముఖ్యమైన అధ్యాయం ఇరవై నవలల మీద రాసిన గ్రంథం లోపల ఉండవచ్చు.

ఎంఫిల్ లఘు గ్రంథాలను మాత్రం తప్పనిసరిగా శాఖకు వెళ్లి చూడాలి. వాటిలో చాలావరకు ఆన్‌లైన్‌లోకి ఎక్కలేదు. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది కాబట్టి అక్కడే దశాబ్దాల లఘు గ్రంథాల వరుస ఉంటుంది. ఉస్మానియా, తెలుగు విశ్వవిద్యాలయం, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం జాబితాలు కూడా దీనికి కలపాలి. పాత పత్రికల కోసం హనుమకొండలో 1904లో మొదలైన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం లాంటి పాత గ్రంథాలయాల్లో కూర్చోక తప్పదు. "ఎవరూ చేయలేదు" అన్న వాక్యం మౌఖిక పరీక్షలో కూలిపోయేది చాలావరకు ఇక్కడే. బయటినుంచి వచ్చిన పరీక్షకులు అదే అంశం మీద తమ శాఖలో పదిహేనేళ్ల కింద వచ్చిన లఘు గ్రంథం పేరు చెబుతారు.

సేకరించేటప్పుడే సరిచూసుకోవలసిన ఇంకో విషయం, ప్రతి వ్యాసం మొదట అచ్చయిన సంవత్సరం. ఆళ్వారుస్వామి 1961లో మరణించారు. ఆయన శతజయంతి 2015లో వచ్చింది. 1960లలో ఒక పత్రికలో వచ్చిన వ్యాసం 2015 తర్వాతి సంకలనంలో మళ్లీ అచ్చయిందనుకుందాం. పరిశోధకుడు సంకలనం సంవత్సరమే రాసుకుంటే యాభై ఏళ్ల నాటి అభిప్రాయం తెలంగాణ రాష్ట్రం వచ్చాక పుట్టిన అభిప్రాయంగా మారిపోతుంది. ఆ పొరపాటు మీద కట్టిన "విమర్శ క్రమంగా ఇట్లా మారింది" అన్న పేరా మొత్తం తలకిందులవుతుంది. సంకలనం చివర్లోనో వ్యాసం కిందనో మొదటి ప్రచురణ వివరం సాధారణంగా ఉంటుంది. లేకపోతే పాత సంచికను వెతికి పట్టుకోవాలి.

పట్టికలో అసలు గడి

అరవై డెబ్బై రచనలు పోగయ్యాక వాటిని చదివి ఒక పట్టిక వేసుకోవాలి. కంప్యూటర్‌లో ఎక్సెల్‌లో వేసినా, పెద్ద డ్రాయింగ్ షీటు మీద చేత్తో గీసినా ఫరవాలేదు. ఒక్కో రచనకు ఒక్కో అడ్డవరుస. నిలువు గడులు ఐదు చాలు: ఒకటి, ఎవరు, ఎక్కడ, మొదట ఎప్పుడు రాశారు; రెండు, ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారు; మూడు, నవలలోని ఏ ఘట్టాలను ఆధారంగా చూపారు; నాలుగు, ఏం తేల్చారు; ఐదు, ఏది ముందే నిజమని అనుకొని మొదలుపెట్టారు.

చాలామంది మొదటి గడి, నాలుగో గడి మాత్రమే నింపుతారు. ఎవరు, ఏమన్నారు. అందుకే అధ్యాయం "ఫలానావారు ఇట్లా అన్నారు" అనే గొలుసుగా మారుతుంది. విమర్శ పటాన్ని గీసేవి రెండో గడి, మూడో గడి, ఐదో గడి. వీటిలో ఐదోది నింపడం అన్నిటికంటే కష్టం, ఎందుకంటే విమర్శకుడు దాన్ని ఎక్కడా రాసి ఉండడు. మూడోది నింపడం విసుగు పుట్టిస్తుంది గానీ తేలిక. పైగా ఐదో గడికి దారి చూపేది అదే. అందుకని మూడో గడి దగ్గర కొంచెం ఆగడం మంచిది.

మూడో గడి నుంచి రెండో పట్టిక పుడుతుంది. ఈసారి అడ్డవరుసల్లో విమర్శకులు కాదు, నవలలోని ఘట్టాలు ఉంటాయి. నవలను అధ్యాయాల వారీగా విడదీసి, ముప్పై నలభై ఘట్టాలు వరుసగా రాసుకోవాలి: దొర దౌర్జన్యం, వెట్టి, భూమి గొడవ, మతమార్పిడి, దాన్ని తిరగదిప్పే ప్రయత్నం, పత్రిక చదవడం, గ్రంథాలయం మాట, సభ, జైలు, ఇట్లా. నిలువు వరుసల్లో విమర్శకులు. ఎవరు ఏ ఘట్టాన్ని ఉదాహరించారో ఆ గడిలో గుర్తు పెట్టాలి. కేవలం పేరు తలిచి వెళితే చుక్క, వాక్యాలు ఉటంకించి చర్చిస్తే కాటా గుర్తు. ఈ తేడా చాలా ముఖ్యం. నాలుగు రోజులు పట్టే పనే, కానీ పూర్తయ్యాక కొన్ని అడ్డవరుసలు కాటా గుర్తులతో నిండి, కొన్ని వరుసల్లో చుక్కలు మాత్రమే ఉండి, కొన్ని పూర్తిగా ఖాళీగా కనిపిస్తాయి.

పూర్తిగా ఖాళీ వరుసను చూసి సంబరపడకూడదు. ఆ ఘట్టం నవలకు ఏమంత అవసరం లేనిదే కావచ్చు. అసలు దొరికేది చుక్కల వరుసలో. అందరూ చూశారు, అందరూ తలిచారు, కానీ ఎవరూ ఆగలేదు. దాన్ని నేపథ్యం కింద లెక్కవేసి ముందుకు వెళ్లారు. అంటే ఆ ఘట్టాన్ని నేపథ్యంగా చూడాలన్న ఒప్పందం విమర్శకుల మధ్య మాటల్లో పెట్టకుండానే కుదిరింది. ఐదో గడిలో రాయవలసింది ఆ ఒప్పందమే.

'ప్రజల మనిషి' విషయంలో చుక్కలన్నీ చదువు, పత్రిక, గ్రంథాలయం ఉన్న ఘట్టాల పక్కన, కాటా గుర్తులన్నీ వెట్టి, మతమార్పిడి, సభల పక్కన పడ్డాయనుకుందాం. అప్పుడు ప్రశ్న ఇట్లా తయారవుతుంది: ఈ నవలలో అక్షరం ఎవరి చేతిలో ఉంది, అది ఎవరి చేతికి మారుతోంది? ఊళ్లో కాగితం అంటే పట్వారీ లెక్క, దొర పత్రం, సర్కారు హుకుం. అదే ఊరికి వార్తాపత్రిక, గ్రంథాలయం వస్తే కాగితానికి ఇంకో పని మొదలవుతుంది. రచయిత స్వయంగా 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించిన ప్రచురణకర్త. అయినా చదవడం, రాయడం అన్నవి నవలలో అధికారం చేతులు మారే మార్గంగా పనిచేస్తున్నాయా అని అడగకుండా, విమర్శకులు గ్రంథాలయోద్యమాన్ని కంఠీరవం ఎదుగుదలకు చారిత్రక సందర్భంగా మాత్రమే చూశారని పట్టిక చూపితే, అది నిలబడే ఖాళీ. పట్టిక మరోలా చూపితే ప్రశ్న మారాలి గానీ పట్టిక మారకూడదు. ముందే మనసులో పెట్టుకున్న వాదానికి తగ్గట్టు గుర్తులు వేస్తే, ఆ సంగతి మూడో అధ్యాయంలో ఉటంకింపులు కరువైనప్పుడు బయటపడుతుంది.

పాయలుగా విడదీయడం

పట్టికలు రెండూ సిద్ధమయ్యాక అధ్యాయానికి విభాగాలు కావాలి. తేలికగా తోచేది కాలక్రమం: 1955 నుంచి 70 వరకు, 70 నుంచి 90 వరకు, తర్వాత. ఇది సాధారణంగా సరిపోదు, ఎందుకంటే ఒకే దశాబ్దంలో రాసినవారు వేర్వేరు ప్రశ్నలు వేస్తారు, ముప్పై ఏళ్ల తేడాతో రాసినవారు ఒకే ప్రశ్న వేస్తారు. విమర్శకుడి సిద్ధాంతాన్ని బట్టి మార్క్సిస్టు, దళిత, స్త్రీవాద అని విడదీస్తే చూడటానికి శుభ్రంగా ఉంటుంది. కానీ ఒక్క నవల మీద అన్ని పాయలకూ సమానంగా సామగ్రి దొరకదు. దొరకని చోట పరిశోధకుడు ఆ సిద్ధాంతం చరిత్ర రాసి పేజీలు నింపుతాడు. ఈ అధ్యాయంలో వచ్చే వ్యర్థ భాగం ఎక్కువగా అదే. రెండో గడిలోని ప్రశ్నలను బట్టి విడదీయడం మేలు. ఒక్కో విభాగం లోపల మాత్రం కాలక్రమం పాటించవచ్చు.

ఈ నవల మీద వచ్చిన విమర్శను మూడు ప్రశ్నల చుట్టూ చేర్చవచ్చు. మొదటిది, ఈ నవల ఏ చరిత్రను నమోదు చేసింది? రైతాంగ పోరాటానికి ముందున్న తెలంగాణను చదవడానికి నవలను ఆధారంగా తీసుకునేవారంతా ఈ పాయలోకి వస్తారు. 1983లో వచ్చిన వరవరరావు సిద్ధాంత గ్రంథం 'తెలంగాణ విముక్తి పోరాటం–తెలుగు నవల' లాంటి పెద్ద రచనలు ఈ వైపువే. రెండోది, సాహిత్య చరిత్రలో ఈ నవల స్థానం ఏమిటి? "తొలి తెలంగాణ నవల" అన్న మాట తిరిగేది ఈ పాయలోనే. మూడోది, ఇందులో తెలంగాణ భాష, సంస్కృతి, అస్తిత్వం ఎట్లా పలికాయి? 1990ల చివర ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మళ్లీ లేచాక తెలంగాణ సాహిత్యాన్ని తిరిగి వెలికితీసిన విమర్శలో ఇది బలపడింది.

రెండో పాయలో కొంచెం జాగ్రత్త కావాలి. "తొలి" అన్న మాటను సమీక్షలో ఒక్కరి మాటగా తీసుకొని వదిలేస్తే ఇబ్బంది. ఇనుగుర్తి ఒద్దిరాజు సోదరులు అంతకుముందే చారిత్రక నవలలు రాశారు. అందుకే జాగ్రత్తగా రాసేవారు "తెలంగాణ జీవితాన్ని చిత్రించిన తొలి నవల" అనో, "తొలి రాజకీయ నవల" అనో హద్దు పెడతారు. ఎవరు ఏ హద్దుతో "తొలి" అన్నారో సమీక్షలో విడదీసి చూపాలి. బయటికి తగవులా కనిపించేది నిజానికి వేర్వేరు కొలతలతో కొలవడం వల్ల వచ్చిందని తేలుతుంది. అట్లాంటి తగవు పరిశోధనకు ఖాళీ కాదు. దాన్ని రెండు పేరాల్లో విడదీసి పక్కన పెట్టాలి. అదే ప్రధాన సమస్య అన్నట్టు పది పేజీలు రాస్తే సొంత వాదానికి దారి మూసుకుపోతుంది.

విభాగాల వరుస కూడా వాదంలో భాగమే. సొంత ప్రశ్నకు దూరంగా ఉన్న పాయతో మొదలుపెట్టి, దగ్గరగా ఉన్న పాయతో ముగించాలి. అక్షరం, చదువు అన్న ప్రశ్న వేసేవారికి స్థాన నిర్ణయం చేసే పాయ అన్నిటికంటే దూరం, కాబట్టి అది ముందు, క్లుప్తంగా రావాలి. అస్తిత్వ విమర్శ భాషను పట్టించుకుంటుంది కాబట్టి అది తర్వాత. చరిత్రను చదివే పాయ గ్రంథాలయోద్యమాన్ని నేరుగా తలుస్తుంది కాబట్టి అది చివర, అన్నిటికంటే వివరంగా. అక్కడ గ్రంథాలయ ఘట్టాలను ఆ విమర్శ ఎట్లా నేపథ్యంగా మార్చిందో చూపగానే చదివేవారికి ప్రశ్న పుడుతుంది. ఖాళీని ప్రకటించే విభాగం ఆ తర్వాత రెండు మూడు పేజీలకు మించకూడదు.

మొత్తం అధ్యాయం 25 నుంచి 30 పేజీలు అనుకుంటే, సేకరించిన అరవై డెబ్బై రచనల్లో వివరంగా చర్చించేవి పదిహేను, పద్దెనిమిది చాలు. మిగిలినవాటిని ఒకే అభిప్రాయం పంచుకునేవారిగా గుంపుగా తలిచి, వివరాలు అధోజ్ఞాపికల్లో ఇవ్వవచ్చు. చదివినదంతా చూపించాలన్న తపన సహజమే. కానీ ఒక్కో రచనకు సమానంగా చోటిస్తే పటంలో కొండా గుట్టా ఒకే ఎత్తులో కనిపిస్తాయి.

పేరా లోపల ఏం జరగాలి

పాత అలవాటులో పేరా ఇట్లా నడుస్తుంది: "ఆచార్య ఫలానా గారు తమ గ్రంథంలో ఈ నవల నిజాం కాలపు వెట్టిని కళ్లకు కట్టినట్టు చిత్రించిందని పేర్కొన్నారు. డాక్టర్ ఫలానా గారు తమ వ్యాసంలో ఇందులో ఆనాటి ఉద్యమాలు ప్రతిబింబించాయని తెలిపారు. మరొక విమర్శకులు ఈ నవల సామాజిక పత్రమని అభిప్రాయపడ్డారు." ముగ్గురూ ఒకే మాట అన్నారు. ఆ సంగతి మాత్రం పేరాలో ఎక్కడా లేదు. పేర్కొన్నారు, తెలిపారు, అభిప్రాయపడ్డారు అని క్రియలు మారాయి, ఆలోచన మాత్రం ఒక్క అడుగు కదలలేదు.

అదే సామగ్రితో ఇట్లా రాయవచ్చు: "నవలను చరిత్రకు సాక్ష్యంగా చదివే విమర్శకులు ముగ్గురూ వెట్టి ఘట్టాల దగ్గర కలుస్తారు. అయితే ఆ సాక్ష్యం ఎవరిదన్న దగ్గర విడిపోతారు. మొదటివారికి అది ఊరి సాక్ష్యం, రెండోవారికి ఉద్యమ సాక్ష్యం, మూడోవారికి రచయిత సొంత అనుభవ సాక్ష్యం. గ్రంథాలయ ఘట్టం ముగ్గురి చర్చలోనూ వస్తుంది, కానీ ముగ్గురూ దాన్ని కంఠీరవం ఎదుగుదలకు వివరణగా వాడుకున్నారు. ఆ ఘట్టంలో ఎవరు చదువుతున్నారు, ఎవరు వింటున్నారు అన్నది ఎవరూ చర్చకు తీసుకోలేదు." ఈ పేరా ఒక వాదన వాక్యంతో మొదలైంది. పేర్లు అధోజ్ఞాపికల్లోకి వెళ్లినా నష్టం లేదు. చివరి వాక్యం రాబోయే ఖాళీ వైపు ఒక్క అడుగు వేసింది. వాక్యం కర్తగా విమర్శకుడి పేరు పదే పదే వస్తోందా, లేక ప్రశ్న, ఘట్టం, అభిప్రాయం వస్తున్నాయా అని చూసుకుంటే పేరా ఏ తీరులో ఉందో తెలిసిపోతుంది.

పర్యవేక్షకులో, శాఖలోని పెద్దలో అదే నవల మీద రాసి ఉండటం ఇక్కడి శాఖల్లో మామూలు విషయం. వారి రచనను ఎట్లా సమీక్షించాలన్న సంకోచంతో చాలామంది దాన్ని మెచ్చుకోలుతో దాటేస్తారు. దానివల్ల ఆ రచన పటంలో చేరకుండానే పోతుంది, అది పెద్దలకు కూడా గౌరవం కాదు. వారు వేసిన ప్రశ్నకు వారిచ్చిన జవాబు ఎంత బలమైనదో ముందు సరిగ్గా, వారు చదివినా ఒప్పుకునేలా రాయాలి. ఆ తర్వాత ఆ ప్రశ్న హద్దు ఎక్కడ ఆగుతుందో చూపాలి. "తప్పుగా చెప్పారు" అనవలసిన అవసరం చాలా అరుదు. "వారి ప్రశ్నకు ఈ ఘట్టం అవసరం రాలేదు" అన్నది చాలాసార్లు సత్యానికి కూడా దగ్గరగా ఉంటుంది. గారు, ఆచార్య లాంటి గౌరవ పదాల విషయంలో శాఖ పద్ధతి ఏదైతే దాన్నే అందరికీ ఒకేలా పాటించాలి. కొందరికి పెట్టి కొందరికి మానేస్తే, అది కూడా ఒక అభిప్రాయంగానే చదువుతారు.

ముందుమాటలను చదివేటప్పుడు వాటి స్వభావం గుర్తుంచుకోవాలి. అవి పుస్తకాన్ని పాఠకుడికి అందించడానికి రాసినవి. అందులో విమర్శ లేకపోవడాన్ని లోపంగా లెక్కగట్టి "విమర్శకులు దీన్ని గమనించలేదు" అనడం అన్యాయం. అట్లాగే ఒక విమర్శకుడి మాటను ఇంకొకరి పుస్తకంలో చూసి ఎత్తి రాయకూడదు. అట్లా రెండు మూడు చేతులు మారిన ఉటంకింపుల్లో "కొంతవరకు", "బహుశా" లాంటి పదాలు రాలిపోతాయి. అవి రాలిపోయాక ఖండించడం తేలికవుతుంది, కానీ ఖండించేది ఆయన అనని మాటను.

ఖాళీని ఎట్లా రాయాలి, ఎట్లా పరీక్షించాలి

"ఎవరూ చేయలేదు" అన్నది అన్నిటికంటే బలహీనమైన రూపం. ఒక్క లఘు గ్రంథం బయటపడితే కూలిపోతుంది. పైగా ఎవరూ చేయకపోవడానికి అది చేయదగ్గది కాకపోవడం కూడా కారణం కావచ్చు. "అందరూ ఫలానా విషయాన్ని ఒప్పుకొని మొదలుపెట్టారు, ఆ ఒప్పుకోలును పక్కన పెడితే ఫలానా ఘట్టాలు వేరే అర్థం ఇస్తాయి" అన్న రూపం గట్టిది. రేపు ఇంకో లఘు గ్రంథం దొరికినా అది ఏ వైపు ఉందో చూసి పటంలో చేర్చుకోవచ్చు, వాదం పడిపోదు.

మన నమూనాలో ఖాళీ వాక్యం ఇట్లా ఉండవచ్చు: "ఈ నవల మీద వచ్చిన విమర్శలో గ్రంథాలయం, పత్రిక, చదువు కథానాయకుడి చైతన్యానికి కారణాలుగా లెక్కకు వచ్చాయి. వాటిని కారణాలుగా కాక, ఊళ్లో కాగితం మీద ఉన్న అధికారం చేతులు మారే చర్యలుగా చదివితే, దొరకూ ఊరికీ మధ్య ఘర్షణ మొదలయ్యే చోటు మారుతుంది." రెండో వాక్యం లేకుండా మొదటిది చాలదు. ఖాళీని చూపడం ఒకటి, దాన్ని నింపితే ఏం మారుతుందో చెప్పడం ఇంకొకటి.

ఈ వాక్యాన్ని రెండు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. ఖాళీ నిండితే ఇప్పటివరకు ఉన్న నిర్ణయాల్లో ఏది మారుతుంది? ఏదీ మారకపోతే అది ఖాళీయే గానీ పరిశోధనకు పనికొచ్చే ఖాళీ కాదు. ఈ వాదంతో విభేదించేవారు పటంలో ఎవరు, ఏ ఆధారంతో? ఒక్కరు కూడా దొరకకపోతే వాదం మరీ పలచగా ఉందనుకోవాలి. ఇక్కడైతే జవాబు స్పష్టమే. చదువు వచ్చేసరికే ప్రతిఘటన మొదలైందని, దానికి మూలం వెట్టిలోనూ భూమిలోనూ ఉందని చరిత్ర పాయ వాదిస్తుంది. వారు చూపే ఘట్టాలు బలమైనవి. వాటికి జవాబు చెప్పే బాధ్యత తర్వాతి అధ్యాయాల మీద పడుతుంది. ఏ అధ్యాయంలో ఏ ఘట్టంతో ఆ జవాబు వస్తుందో ఖాళీని ప్రకటించే పేజీల్లోనే ఒక్క వాక్యంలో రాయాలి.

ఖాళీ మరీ పెద్దదిగా ఉండటం మరో తరచు చిక్కు. "ఈ నవలలో భాష మీద పరిశోధన జరగలేదు" అన్నది రెండు వందల పేజీల్లో నిండేది కాదు. ఖాళీ వాక్యంలో ఉన్న నామవాచకాలను పట్టుకొని, ఒక్కోదానికీ నవలలో కనీసం ఐదారు ఘట్టాలు చూపగలమా అని చూసుకోవాలి. చూపలేని పదం ఏదైనా ఉంటే దాన్ని తీసేయాలి. చదువు, పత్రిక, దస్తావేజు అన్న మూడింటిలో దస్తావేజుకు రెండే ఘట్టాలు దొరికితే, దాన్ని ఖాళీ వాక్యంలోంచి తీసి విశ్లేషణలో ఒక అధోజ్ఞాపికకు పరిమితం చేయడమే మంచిది.

ఈ అధ్యాయం మొదటి ముసాయిదా సినాప్సిస్ దశలోనే తయారవుతుంది. విశ్లేషణ అధ్యాయాలు రాసేటప్పుడు వాదం తప్పకుండా కదులుతుంది. కాబట్టి సమర్పణకు ముందు దీన్ని ఆఖర్న మళ్లీ రాయాలి. అప్పుడు చేయవలసింది రెండో పట్టికను మళ్లీ తెరవడం. విశ్లేషణలో నిజంగా చర్చించిన ఘట్టాల పక్కన వేరే రంగుతో గుర్తు పెట్టాలి. అవి చుక్కల వరుసల్లో పడుతున్నాయా, లేక పాత విమర్శ కాటా గుర్తులు పెట్టిన వరుసల్లోనే ఎక్కువగా పడుతున్నాయా అన్నది చూడాలి. రెండోది జరిగితే ఖాళీ వాక్యం ఒకటి చెబుతోంది, సిద్ధాంత గ్రంథం ఇంకొకటి చేస్తోంది. అప్పుడు ఖాళీ వాక్యాన్ని విశ్లేషణకు తగ్గట్టు మార్చాలి, దానితోపాటు విభాగాల వరుసను కూడా, ఎందుకంటే కొత్త ప్రశ్నకు దగ్గరగా ఉన్న పాయ ఇప్పుడు వేరేది కావచ్చు.